ఒకే హారానికి నాలుగు ధరలు: అమెరికాలో వారసత్వానికీ విరాళానికీ అప్రైజల్ రిపోర్ట్ ఎలా ఉండాలి

సంక్షిప్తంగా: పాత నగ విలువ ఎంత అనే ప్రశ్నకు ఒకే జవాబు ఉండదు. ఎందుకు అడుగుతున్నారు, ఏ తేదీకి అడుగుతున్నారు అన్నదాన్ని బట్టి అంకె మారుతుంది. అమెరికా పన్ను చట్టం ఆ అంకెతో పాటు దాని వెనకున్న లెక్కనూ అడుగుతుంది. విరాళాల విషయంలో రిపోర్ట్‌లో ఏమేం ఉండాలో నిబంధనల్లోనే రాసి ఉంది. అవి లేకపోతే అంకె సరైనదే అయినా విరాళానికి వచ్చే పన్ను మినహాయింపు పోవచ్చు.

అమెరికాలో స్థిరపడ్డ తెలుగు కుటుంబాల్లో మొదటి తరం పెద్దవాళ్లు వయసు మీద పడి వెళ్లిపోతున్నారు. లాకర్లో ఉన్న నగలు పంచుకోవాలి, కొన్నింటిని అక్కడి గుడికి ఇవ్వాలి. అప్పుడు అప్రైజల్, అంటే నిపుణుడితో విలువ కట్టించి రిపోర్ట్ రాయించుకోవడం అనే మాట వస్తుంది. భారత్‌లో ఎస్టేట్ డ్యూటీ 1985లోనే రద్దయింది కాబట్టి, మనిషి పోయిన రోజుకి ఆస్తి విలువ కట్టించి కాగితం మీద పెట్టుకోవడం మన కుటుంబాలకు అలవాటు లేని పని. బీమా కోసం ఎప్పుడో తీసుకున్న కాగితమో, నగలషాపు వాళ్లు రాసిచ్చిన చీటీయో సరిపోతుందనుకుంటారు. చిక్కు అక్కడే మొదలవుతుంది.

ఏ విలువ అడుగుతున్నారు?

వారసత్వానికైనా విరాళానికైనా అమెరికా పన్ను శాఖ ఐఆర్‌ఎస్ అడిగేది న్యాయమైన మార్కెట్ విలువ. కొనాలనుకునే వ్యక్తి, అమ్మాలనుకునే వ్యక్తి, ఇద్దరికీ ఏ ఒత్తిడీ లేకుండా, వస్తువు గురించిన సంగతులు సరిపడా తెలిసి ఒప్పుకునే ధర అది. ఆ ఇద్దరూ ఊహాత్మక వ్యక్తులే. అర్జెంటుగా డబ్బు కావలసి అమ్మినప్పుడు వచ్చే ధర ఇందులోకి రాదు. అమ్మ గుర్తు కాబట్టి ఎంతైనా ఇస్తాననే కూతురు చెప్పే ధరా రాదు.

బీమా అప్రైజల్ ఇంకో ప్రశ్నకు జవాబు. నగ పోతే అలాంటిదే కొత్తది చేయించడానికి ఎంత ఖర్చవుతుందన్నది అందులో చూస్తారు. కొత్త బంగారం, తరుగు, మజూరీ, షాపు లాభం అన్నీ అందులో కలుస్తాయి. అందుకే ఆ అంకె మార్కెట్ విలువ కన్నా బాగా ఎక్కువ ఉండటం మామూలే. రిపోర్ట్ మొదటి పేజీలో ‘రీప్లేస్‌మెంట్ వాల్యూ’ అనే మాట కనిపిస్తే, పన్ను పనికి అది పనికిరాదని అక్కడికక్కడే తెలిసిపోతుంది.

మార్కెట్ విలువ అనుకున్నాక ఏ మార్కెట్ అన్నది తేలాలి. అలాంటి వస్తువును జనం మామూలుగా ఎక్కడ కొంటారో ఆ మార్కెట్టే లెక్క. దీని మీద పేరున్న కేసు అన్సెల్మో కేసు. ఒక దాత విడి రంగురాళ్లను తక్కువ ధరకు పెద్దమొత్తంలో కొని, 1979లో స్మిత్సోనియన్ సంస్థకు ఇచ్చి, కొన్న ధరకు కొన్ని రెట్లు మినహాయింపు అడిగాడు. షాపుల్లో వినియోగదారులు రాళ్లకు పెట్టే ధరే ఆయన అప్రైజల్‌కు ఆధారం. అంత నాసిరకం విడి రాళ్లను కొనేది నగలు తయారుచేసే షాపులు కాబట్టి అవి చెల్లించే ధరే లెక్కలోకి వస్తుందని 1983లో టాక్స్ కోర్టు చెప్పింది. 1985లో అప్పీల్ కోర్టూ దాన్నే సమర్థించింది. తయారైన పాత హారం సంగతి వేరు. దాన్ని మామూలు జనం పాత నగలు అమ్మే షాపుల్లోనూ వేలంలోనూ కొంటారు. కాబట్టి చూడాల్సింది అక్కడి ధరలు. కరిగించేవాడు ఇచ్చే ధరా కాదు, కొత్త నగల షోరూం ట్యాగూ కాదు.

ఒక హారం లెక్క

ఊహించిన ఉదాహరణ ఒకటి చూద్దాం. అంకెలన్నీ లెక్క అర్థం కావడానికి పెట్టుకున్నవే. న్యూజెర్సీలో ఉండే ఒక తల్లి 2022లో చనిపోయారు. ఆమె గుట్టపూసల హారం కూతురికి వచ్చింది. కూతురు దాన్ని 2025 నవంబర్ 15న స్థానిక దేవాలయానికి, అమ్మవారి అలంకరణ కోసం ఇచ్చారు. హారం మొత్తం తూకం 96 గ్రాములు. కెంపులు, ముత్యాలు పోను బంగారం 80 గ్రాములు, 22 క్యారట్లు. అంటే మేలిమి 73 గ్రాముల పైచిలుకు. ఆ రోజు మేలిమి గ్రాము 130 డాలర్లు అనుకుంటే లోహం విలువ సుమారు 9,500 డాలర్లు. ఇంట్లో ఉన్న బీమా కాగితం మీద మాత్రం 27,000 డాలర్లని ఉంది.

అప్రైజర్ ఇలాంటి పాత దక్షిణాది హారాల అమ్మకాలు మూడు వెతికి తీశారనుకుందాం. రెండేళ్ల కిందటిది 8,400కు, ఏడాది కిందటిది 9,300కు, అదే ఏడాది వసంతంలోది 10,700కు అమ్ముడయ్యాయి. వీటి సగటు తీసి విలువగా రాస్తే తప్పు, ఎందుకంటే మధ్యలో బంగారం ధర చాలా పెరిగింది, మూడింటి తూకాలూ వేరు. అందుకని ఒక్కో అమ్మకంలో ఆ నాటి లోహం విలువను తీసేసి, పనితనానికీ రాళ్లకూ పాతదనానికీ కొనేవాళ్లు అదనంగా ఎంత ఇచ్చారో చూస్తారు. మొదటిదానిలో లోహం 4,830, అదనం 3,570. రెండోదానిలో 5,950, 3,350. మూడోదానిలో 6,930, 3,770. అంటే ఇలాంటి హారానికి జనం లోహం మీద సుమారు 3,500 డాలర్లు ఎక్కువ పెడుతున్నారు. విరాళం రోజు లోహం విలువ 9,500కు దాన్ని కలిపితే 13,000 డాలర్లు. ఆ రోజుకి మార్కెట్ విలువ ఇదీ.

ఇదే పద్ధతిలో తల్లి చనిపోయిన రోజుకి లెక్క కడితే, అప్పటి బంగారం గ్రాము 58 డాలర్ల చొప్పున లోహం 4,250, అప్పటి అదనం 3,250 అనుకుంటే 7,500 వస్తుంది. ఇలా ఒకే హారానికి 27,000, 13,000, 9,500, 7,500 అనే నాలుగు అంకెలు వచ్చాయి. ఏదీ అబద్ధం కాదు. అయితే విరాళం రిటర్న్‌లో పనికొచ్చేవి రెండే, 13,000, 7,500. రెండోది ఎందుకో కొంచెం ముందుకు వెళ్లాక తెలుస్తుంది.

రిపోర్ట్‌లో తప్పక ఉండాల్సినవి

నగదు కాని విరాళాల విలువ 500 డాలర్లు దాటితే రిటర్న్‌తో ఫారం 8283 జతచేయాలి. 5,000 డాలర్లు దాటితే అర్హత గల అప్రైజర్ రాసిన, అర్హత గల అప్రైజల్ కావాలి. కళాఖండాలైతే 20,000 డాలర్ల నుంచి, ఏ ఆస్తి అయినా 5 లక్షల డాలర్లు దాటితే రిపోర్ట్‌నే రిటర్న్‌తో పంపాలి. ఏడాదిలో ఇచ్చిన ఒకే రకం వస్తువులను కలిపి లెక్కేస్తారు. మూడు గుళ్లకు తలో 2,500 డాలర్ల గాజులు ఇచ్చినా మొత్తం 7,500 అవుతుంది కాబట్టి అప్రైజల్ తప్పదు. దీన్ని చాలామంది గమనించరు.

2019 నుంచి అమల్లో ఉన్న నిబంధనల ప్రకారం, రిపోర్ట్ అమెరికా అప్రైజర్ల వృత్తి ప్రమాణాలైన యూస్పాప్ సూత్రాలకు తగ్గట్టుగా ఉండాలి. అందులో మొదట కావలసింది వస్తువు వర్ణన. నగల గురించి ఏమీ తెలియని మనిషి కూడా ఆ వర్ణన చదివి, ఇచ్చింది ఈ హారమేనని గుర్తుపట్టగలగాలి. ‘బంగారు నగలు, ఒక సెట్’ అని రాస్తే చాలదు. పొడవు, తూకం, వరసలు, పతకం, లాక్ రకం, రాళ్ల లెక్క రాయాలి. కొలత తెలిసేలా ఫోటోలు ఉంటే ఇంకా మంచిది. ఆ తర్వాత హారం స్థితి. ఊడిన పూసలు, అతుకు వేసిన చోట్లు, మార్చిన రాళ్లు ఉంటే చెప్పాలి.

దక్షిణాది నగల్లో ఇక్కడే అసలు ఇబ్బంది. పాత కెంపుల పనిలో రాళ్లను వెనక మూసి, కింద తళుకు రేకు పెట్టి పొదుగుతారు. ఊడదీయకుండా రాయిని తూచలేరు, వెనక వైపు చూడలేరు. అవి సహజమైన కెంపులా, కృత్రిమమైనవా, గాజు రాళ్లా అన్నది కచ్చితంగా చెప్పడం కష్టం. ముత్యాలు సహజమైనవో సాగు చేసినవో తేలాలంటే ల్యాబ్‌లో ఎక్స్‌రే పరీక్ష కావాలి. బంగారం శుద్ధత చెప్పే ఎక్స్‌రే మెషీన్ కూడా పైపొరనే చదువుతుంది. నిజాయితీ గల రిపోర్ట్ ఏది పరీక్షించింది, ఎలా పరీక్షించింది, ఏది ఊహించుకుంది అన్నవి విడివిడిగా చెబుతుంది. ‘రాళ్లు ఊడదీయలేదు, కృత్రిమ కెంపులన్న భావనతో విలువ కట్టాం’ అన్న ఒక్క వాక్యం, రేపు ఐఆర్‌ఎస్ ప్రశ్నించినప్పుడు రిపోర్ట్‌ను కాపాడేది. ఏ పరీక్షా చేయకుండా ‘బర్మా కెంపులు’ అని ధీమాగా రాసిన రిపోర్ట్‌ను అనుమానించాల్సిందే.

తర్వాత తేదీలు. విరాళం ఇచ్చిన తేదీ, విలువ కట్టిన తేదీ, అప్రైజర్ సంతకం చేసిన తేదీ అని మూడుంటాయి. విరాళానికి 60 రోజుల కన్నా ముందు సంతకం చేసిన రిపోర్ట్ చెల్లదు. మన ఉదాహరణలో 2025 సెప్టెంబర్ 16 కన్నా ముందుది పనికిరాదు. ఆఖరు గడువు రిటర్న్ వేయాల్సిన తేదీ. అది 2026 ఏప్రిల్ 15, గడువు పొడిగించుకుంటే అక్టోబర్ 15. విరాళం ఇచ్చేశాక రిపోర్ట్ రాయిస్తే విలువ కట్టే తేదీ కచ్చితంగా విరాళం రోజే కావాలి, సంతకం చేసిన రోజు కాకూడదు. బంగారం ధర వారం వారం మారుతున్నప్పుడు ఈ తేడా వందల డాలర్లలో ఉంటుంది.

ఆ పైన, వస్తువును గుడి ఎలా వాడాలి, అమ్మొచ్చా లేదా అన్న ఒప్పందాలు ఏవైనా ఉంటే వాటి షరతులు రాయాలి. అప్రైజర్ పేరు, చిరునామా, పన్ను గుర్తింపు సంఖ్య, ఈ రకం వస్తువులకు విలువ కట్టడంలో ఆ వ్యక్తి చదువు, అనుభవం ఉండాలి. ఇళ్లకు విలువ కట్టే లైసెన్స్ ఉన్నంత మాత్రాన నగలకు అర్హత రాదు. రిపోర్ట్‌ను ఆదాయ పన్ను పనికోసం తయారు చేశామన్న వాక్యం, విలువ తప్పైతే తనకు జరిమానా పడొచ్చని తెలుసని, గత మూడేళ్లలో ఐఆర్‌ఎస్ ముందు సాక్ష్యం ఇవ్వకుండా తనపై నిషేధం లేదని అప్రైజర్ ఇచ్చే ప్రకటన కూడా తప్పనిసరి. బీమా రిపోర్ట్‌ను కొద్దిగా మార్చి ఇచ్చినప్పుడు ఎక్కువగా తప్పిపోయేవి ఈ రెండు వాక్యాలే.

చివరిగా పద్ధతి, ఆధారం. ఏ పద్ధతిలో లెక్కకట్టారో, ఏయే అమ్మకాలతో పోల్చారో రాయాలి. పైన చూసిన మూడు అమ్మకాల లెక్క రిపోర్ట్‌లో కనిపించాలి. ప్రతి అమ్మకానికీ తేదీ, చోటు, ధర ఉండాలి. ఆ ధరలో వేలం సంస్థ కొనుగోలుదారు దగ్గర తీసుకునే కమిషన్ కలిసిందా లేదా అన్నదీ చెప్పాలి. ‘మా ముప్పై ఏళ్ల అనుభవం ప్రకారం’ అనేది ఆధారం కిందికి రాదు.

ఎవరు రాయకూడదు

ఇచ్చేవాళ్లు, పుచ్చుకునే గుడి, వాళ్ల బంధువులు, ఉద్యోగులు రాయకూడదు. నగను దాతకు అమ్మిన షాపు కూడా సాధారణంగా రాయకూడదు. ‘మన షాపేగా, వాళ్లే రాసిస్తారు’ అన్నది మన కుటుంబాల్లో వచ్చే మొదటి ఆలోచన కాబట్టి ఇది గుర్తుపెట్టుకోవాల్సిన నియమం. తేల్చిన విలువలో ఇంత శాతం అని ఫీజు తీసుకున్నా రిపోర్ట్ చెల్లదు.

దీని తీవ్రత ఎంతో 2012 నాటి మొహమద్ కేసు చూపిస్తుంది. రియల్ ఎస్టేట్ వ్యాపారీ, అప్రైజర్ కూడా అయిన ఒక దాత తన భూములను సొంత ఛారిటబుల్ ట్రస్టుకు ఇచ్చి, వాటికి తనే విలువ కట్టుకున్నాడు. అడిగిన మినహాయింపు 1.85 కోట్ల డాలర్లు. నిజానికి ఆ ఆస్తులు అంతకన్నా ఎక్కువే ఉండొచ్చన్న వాదన ఉంది. తీర్పు ఆయనకు కఠినంగానే ఉంటుందని ఒప్పుకుంటూనే టాక్స్ కోర్టు మొత్తం మినహాయింపును కొట్టేసింది. స్వతంత్రమైన, గడువులో వచ్చిన అప్రైజల్ లేకపోవడమే కారణం.

గుడి ఏం చేస్తుందన్నది ఎందుకు ముఖ్యం

ఇప్పుడు 7,500 సంగతి. నగలు, చిత్రాలు, పుస్తకాల వంటి వస్తువులను ఛారిటీ తన ఆశయానికి సంబంధించిన పనికి వాడితేనే, ఎక్కువకాలం దగ్గరుంచుకున్న వస్తువుకు పూర్తి మార్కెట్ విలువ మినహాయింపుగా వస్తుంది. అమ్మవారికి అలంకరించడం గుడి పనే కాబట్టి 13,000 అడగొచ్చు. హారాన్ని నిధుల సేకరణ విందులో వేలం వేసినా, కరిగించి అమ్మినా అది సంబంధం లేని వాడకం. అప్పుడు మార్కెట్ విలువ పెరిగి ఉంటే మినహాయింపు దాత ఆ వస్తువుకు పెట్టిన ఖర్చు దగ్గరే ఆగిపోతుంది. వారసత్వంగా వచ్చిన నగకు ఆ ఖర్చు, తల్లి చనిపోయిన రోజు విలువ. 2022లో ఆ రోజు విలువను ఎవరూ రాయించి ఉండకపోతే 7,500 అని నిరూపించడానికి వెనక్కి వెళ్లి, పాత ధరలు వెతికి మళ్లీ అప్రైజల్ చేయించుకోవాలి. చేయించుకోవచ్చు గానీ ఖర్చు, శ్రమ రెండూ ఎక్కువ.

ఫారం 8283 మీద గుడి తరఫున సంతకం చేసేవాళ్లు సంబంధం లేని పనికి వాడతారా లేదా అన్న ప్రశ్నకు జవాబు రాయాలి. ఆ సంతకం హారం అందిందని చెబుతుంది, దాని విలువకు ఒప్పుకున్నట్టు కాదు. 5,000 డాలర్లకు పైబడి అడిగిన వస్తువును గుడి మూడేళ్లలోపు అమ్మేస్తే 125 రోజుల్లో ఫారం 8282 ఐఆర్‌ఎస్‌కు పంపాలి. అది దాత మినహాయింపు మీదికీ రావచ్చు. ఇంకో చిన్న మాట: ఈ లెక్కంతా అమెరికాలో నమోదైన దేవాలయాలకే. తిరుమల హుండీలో వేసిన నగకు అమెరికా రిటర్న్‌లో మినహాయింపు లేదు.

వారసత్వం వైపు

ఫెడరల్ ఎస్టేట్ పన్ను మినహాయింపు పరిమితి 2025లో 1.399 కోట్ల డాలర్లు, 2026లో 1.5 కోట్లు. కాబట్టి ఎక్కువ కుటుంబాలు ఎస్టేట్ రిటర్నే వేయవు. అయితే ఒరెగాన్‌లో 10 లక్షలు, మసాచుసెట్స్‌లో 20 లక్షల డాలర్లు దాటితే రాష్ట్ర పన్ను మొదలవుతుంది. ఇల్లు, రిటైర్మెంట్ ఖాతాలు కలిస్తే ఆ గీత దాటడం పెద్ద విషయం కాదు.

ఫెడరల్ రిటర్న్ వేయాల్సివస్తే గడువు మరణం తర్వాత తొమ్మిది నెలలు. నగలు, చిత్రాలు, పాత పుస్తకాల వంటి కళాత్మక వస్తువుల మొత్తం విలువ 3,000 డాలర్లు దాటితే నిపుణుడు ప్రమాణపూర్వకంగా ఇచ్చిన అప్రైజల్ జతచేయాలి. ఇక్కడ ఆశ తలకిందులవుతుంది. విరాళంలో విలువ పెంచాలని ఉంటుంది, ఎస్టేట్‌లో తగ్గించాలని ఉంటుంది. జరిమానాలూ అలాగే రెండు వైపులా ఉన్నాయి. ఆదాయ పన్నులో అసలు విలువకు 150 శాతం లేదా ఎక్కువ చూపితే, కట్టని పన్ను మీద 20 శాతం జరిమానా, 200 శాతం లేదా ఎక్కువ చూపితే 40 శాతం. ఎస్టేట్‌లో అసలు విలువలో 65 శాతం లేదా తక్కువ చూపితే జరిమానా 20 శాతం, అసలు విలువలో 40 శాతం లేదా తక్కువ చూపితే 40 శాతం. తగ్గిన పన్ను 5,000 డాలర్లు దాటితేనే ఈ జరిమానాలు. మన ఉదాహరణలో బీమా కాగితాన్ని నమ్మి 27,000 అడిగితే అది 13,000కు సుమారు 208 శాతం. 24 శాతం శ్లాబులో ఉన్నవాళ్లకు తగ్గిన పన్ను 3,360 డాలర్లే కాబట్టి ఈ జరిమానా తగలదు. 37 శాతం శ్లాబులో 5,180 అవుతుంది కాబట్టి 40 శాతం తగులుతుంది. విరాళాల్లో 200 శాతం గీత దాటాక ‘నిపుణుడి మాట నమ్మాం’ అన్న సాకు కూడా చెల్లదు.

విలువను తక్కువ చూపితే ఏమవుతుందో కాల్స్‌మన్ ఎస్టేట్ కేసు చెబుతుంది. 2005లో చనిపోయిన ఒక మహిళ దగ్గర 17వ శతాబ్దపు చిత్రాలు రెండుండేవి. వాటిలో ఒకటి చిత్రకారుడు పీటర్ బ్రూగెల్ ది యంగర్ వేసింది. ఒక పెద్ద వేలం సంస్థ నిపుణుడు దానికి 5 లక్షల డాలర్లు, రెండోదానికి లక్ష కట్టారు. ఆ చిత్రాలను అమ్మే హక్కు కోసం ఆయన సంస్థ అప్పటికే ప్రయత్నిస్తోంది. చిత్రం మురికిగా ఉంది, శుభ్రం చేయడం ప్రమాదమన్నది ఆయన వాదన. తర్వాత శుభ్రం చేయించి 2009లో అదే సంస్థ వేలం వేస్తే బ్రూగెల్ చిత్రం 24 లక్షల డాలర్లకు పైగా పలికింది. 2017లో టాక్స్ కోర్టు మరణం నాటి విలువలను 19.95 లక్షలు, 3.75 లక్షలుగా తేల్చింది. ఆయన నైపుణ్యం గురించి ఎవరికీ అనుమానం లేదు. కానీ పోల్చదగిన అమ్మకాలు చూపకుండా అంకె చెప్పారన్నదాన్నీ, అమ్మకంలో ఆయన సంస్థకున్న ఆసక్తినీ కోర్టు పట్టించుకుంది.

భారత్‌లో ఉన్న ఆస్తికి ఇదే లెక్క వర్తించదు

వారసులు ఎక్కువగా పొరపడేది ఇక్కడ. అమెరికా నియమంలో మరణం నాటి విలువే వారసుడి ఖర్చు అవుతుంది, కాబట్టి తల్లి బతికుండగా పెరిగిన లాభంపై పన్ను పడదు. భారత్ నియమంలో పాత యజమాని పెట్టిన ఖర్చే వారసుడికి వస్తుంది. ఆస్తి 2001 ఏప్రిల్ 1కి ముందుదైతే ఆ తేదీ నాటి మార్కెట్ విలువను ఖర్చుగా తీసుకోవచ్చు. భూమి, ఇల్లు అయితే ఆ విలువ అప్పటి రిజిస్ట్రేషన్ శాఖ విలువను మించకూడదు. గుంటూరులో అమ్మ ఇల్లు అమ్మే అమెరికా వారసుడికి రెండు తేదీల రిపోర్ట్‌లు కావాలి. భారత్ రిటర్న్‌కు రిజిస్టర్డ్ వాల్యుయర్ 2001 తేదీకి రాసింది, అమెరికా రిటర్న్‌కు మరణం తేదీకి రాసింది. ఒకదాన్ని రెండో చోట పెడితే, రెండు దేశాల్లోనూ లాభం తప్పుగా తేలుతుంది.